ఐగన్‌వెక్టర్‌ని "మారని సదిశ" అనొచ్చా?

లావణ్య: బీటెక్ మొదటి ఏడాది పిల్లల కోసం తెలుగులో నోట్సు రాస్తున్నాను. "మాత్రిక ప్రయోగించినా మారని సదిశే ఐగన్‌వెక్టర్" అని రాశాను. A = [2 1; 1 2] తీసుకుని లెక్క చేయిస్తే ఒకమ్మాయి లేచి, "(1, 1) కాస్తా (3, 3) అయింది కదా మేడమ్, మూడు రెట్లు సాగినదాన్ని మారలేదంటారేంటి?" అంది. ఆమె అడిగింది న్యాయమే. మరి ఏ మాట వాడాలి?

శ్రీనివాస్: ఐగన్ శాస్త్రవేత్త పేరు కదండీ, రసాయనశాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. ఓమ్, న్యూటన్ పేర్లను అనువదించం కదా. అలాగే ఉంచేయండి.

రామారావు: శ్రీనివాస్ గారూ, మాన్‌ఫ్రెడ్ ఐగన్ ఉన్న మాట నిజమే, ఆయనకు 1967లో నోబెల్ వచ్చింది. కానీ ఆయన పుట్టింది 1927లో. హిల్బర్ట్ 1904లోనే ఈ మాటను గణితంలో వాడాడు. జర్మన్‌లో ఐగన్ అంటే "సొంత". ఫ్రెంచివాళ్లు కూడా "సొంత విలువ" అనే అర్థం వచ్చేట్టే అంటారు. మన పుస్తకాల్లో కనిపించే "లాక్షణిక" అన్నది క్యారెక్టరిస్టిక్ అన్న ఇంగ్లీషు మాట వెంట వచ్చింది.

లావణ్య గారూ, గ్రాఫ్ కాగితం మీద మీ A నే వేయించండి. (1, 0) పోయి (2, 1) అవుతుంది, అంటే అది పక్కకు తిరిగింది. (1, 1) మాత్రం తన గీత మీదే (3, 3) దాకా సాగింది. (1, -1) ఉన్నచోటే ఉంది. ఈ రెండు గీతలూ ఆ మాత్రికకు సొంతం. ఎన్ని రెట్లు సాగిందో ఆ సంఖ్యే ఐగన్‌విలువ, ఇక్కడ 3, 1.

లావణ్య: అయితే "దిశ మారని సదిశ" అని దిద్దుతాను సార్.

రామారావు: అక్కడా చిక్కుందమ్మా. [0 1, 1 0] చూడండి. అది y = x గీతను అద్దంగా చేసుకుని అటువి ఇటు తిప్పుతుంది. (1, -1) వెళ్లి (-1, 1) అవుతుంది, అంటే దిశ పూర్తిగా ఎదురైంది. అయినా అది ఐగన్‌వెక్టరే, విలువ -1. ఇక x-అక్షం మీదకు నీడ పడేసే [1 0, 0 0] తీసుకుంటే (0, 1) సున్నా అయిపోతుంది, దిశే మిగలదు. అదీ ఐగన్‌వెక్టరే, విలువ 0. అందుకే నేను క్లాసులో "తన గీత వదలని సదిశ" అంటాను. ఎదురు తిరిగినా గీత అదే. మూలబిందువులో కలిసిపోయినా, ఆ బిందువు ఆ గీత మీదిదే.

కిరణ్: ఇంత చర్చ ఎందుకు సార్? యూనిట్ వృత్తం గీసి మాత్రిక ప్రయోగిస్తే దీర్ఘవృత్తం వస్తుంది. దాని అక్షాలే ఐగన్‌వెక్టర్లు. మేము అలాగే గుర్తుపెట్టుకున్నాం.

రామారావు: లావణ్య గారి A కి అది సరిగ్గా సరిపోతుంది బాబూ, ఎందుకంటే అది సౌష్ఠవ మాత్రిక. [1 1, 0 1] తో చేసి చూడు. పేకముక్కల కట్టను బల్ల మీద పెట్టి పైనుంచి పక్కకు జరిపినట్టు ఉంటుంది. దీర్ఘవృత్తం వస్తుంది, దాని పొడవాటి అక్షం సుమారు 32 డిగ్రీల వాలులో ఉంటుంది. ఇప్పుడు ఆ 32 డిగ్రీల సదిశ మీదే మాత్రికను ప్రయోగించు. అది వాలి దాదాపు 21 డిగ్రీలకు వస్తుంది. గీత వదిలేసినట్టేగా! నిలిచేది అడ్డగీత ఒక్కటే, విలువ 1. సమీకరణంలో ఆ 1 రెండుసార్లు వస్తుంది కాబట్టి పిల్లలు రెండో గీత కోసం వెతుకుతూ కూర్చుంటారు. అది లేదు.

కిరణ్: చేసి చూశాను సార్. నిజంగానే వాలింది. ఇన్నాళ్లూ సౌష్ఠవ మాత్రికలే ఇచ్చారు మాకు.

ఫాతిమా: మా సివిల్‌లో భవనం కంపనాల లెక్కకి ఇవే వస్తాయి. అక్కడ "సహజ పౌనఃపున్యం" అంటాం, జర్మన్‌లో దానికీ ముందు ఐగనే. మరి "సహజ సదిశ" అంటే పోలేదా?

రామారావు: వినడానికి బాగుందమ్మా. కానీ (1, 0), (0, 1) జంటను కొందరు సహజ ఆధారం అంటారు. లావణ్య గారి A లో ఆ రెండూ తిరిగిపోయే సదిశలే. పిల్లలు తికమకపడతారేమో.

ఫాతిమా: లేదండీ, మా పిల్లలకు ఊగే భవనం కళ్లకు కడుతుంది. నేను సహజనే వాడతాను.

లావణ్య: నోట్సులో "గీత వదలని సదిశ" అని వివరించి, పేరు మాత్రం ఐగన్‌వెక్టర్ అనే ఉంచాను. ఆ అమ్మాయికి చూపిస్తే, "తలాన్నంతా 90 డిగ్రీలు తిప్పేస్తే ఏ గీత నిలుస్తుంది మేడమ్?" అంది. ఏదీ నిలవదు, λ² + 1 = 0 కి వాస్తవ మూలాల్లేవు అని చెప్పాను. వెంటనే "మరి 180 తిప్పితే?" అంది. మీరే చెప్పండి.

కిరణ్: అన్ని గీతలూ నిలుస్తాయి మేడమ్, అన్నిటికీ -1!