రాత్రి అన్నం తాలింపు వేసి తింటే వాంతులు. బాగా వేయించినా ఎందుకిలా?

విజయవాడ కోడలు: శనివారం రాత్రి చుట్టాలు వస్తామని చెప్పి రాలేదు. మూడు గ్లాసుల బియ్యం వండితే సగం మిగిలింది. కుక్కర్ గిన్నెలోనే మూత పెట్టి గట్టు మీద వదిలేశాను. పొద్దున్న ఎనిమిదింటికి పోపు, పచ్చిమిర్చి, పసుపు వేసి పొగలు వచ్చేదాకా వేయించాను. వాసన లేదు, జిగురు లేదు. పదిన్నరకల్లా మా ఆయనకీ పాపకీ వాంతులు. నాకు ఉపవాసం, తినలేదు. సాయంత్రానికి సర్దుకున్నారు. అంత వేడికి ఏ పురుగైనా చావాలి కదా, తప్పెక్కడ జరిగింది?

రిటైర్డ్ ఇంజనీర్: సరిగా వేడెక్కి ఉండదమ్మా. నేనైతే మళ్లీ కుక్కర్లో పెట్టి మూడు విజిల్స్ రానిస్తాను. ఇన్నేళ్లలో ఏమీ కాలేదు.

హాస్టల్ వంటాయన: సార్, కూర విషయంలో మీ మాట చాలావరకు నిజం, మరిగిస్తే ఎక్కువ క్రిములు పోతాయి. అన్నంలో చిక్కు వేరే ఉంది. పొలం మట్టిలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బియ్యంతోపాటే ఇంటికొస్తుంది. అన్నం ఉడికితే అది చస్తుంది గానీ, గట్టి పెంకున్న విత్తనాల్లాంటివి మిగిలిపోతాయి. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి మొలిచి, పెరిగి విషం వదులుతాయి. 121 డిగ్రీల్లో గంటన్నర ఉంచినా ఆ విషం పోదు. మూడు విజిల్స్‌కి ఏం పోతుంది? రంగూ వాసనా కూడా మారవు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలై, ఒక రోజులో తగ్గడం దీని తీరు. పరీక్ష చేయకుండా ఇదేనని ఒట్టేసి చెప్పలేను గానీ మీ ఇంట్లో జరిగింది అచ్చంగా అలాగే ఉంది. తప్పు పొద్దున్న మూకుట్లో జరగలేదమ్మా, రాత్రి గిన్నెలో జరిగింది. మూత పెట్టిన నిండు గిన్నె నడిమధ్య వేడి గంటల తరబడి దిగదు.

గోదారి తాతయ్య: మా నాన్న బతికినన్నాళ్లూ చద్దన్నమే తిని పొలం దున్నాడు. ఇప్పుడు అన్నమే విషమంటున్నారు!

హాస్టల్ వంటాయన: చద్దన్నం వేరు తాతయ్యా. మీ నాన్నగారు నీళ్లో మజ్జిగో పోసి ఉంచేవారు, అది పులిసేది. ఆ పులుపు చెడ్డ క్రిముల్ని చాలావరకు అణిచేస్తుంది. ఈవిడది పొడి అన్నం, పులవలేదు. అలాగని పులిసిందల్లా మంచిదనీ అనను. మే నెల ఉక్కలో రాత్రంతా బయట ఉన్నదైతే పసిపిల్లలకి నేను పెట్టను.

గోదారి తాతయ్య: నేను పెడతాను. పెట్టాను కూడా.

విజయవాడ కోడలు: వేడి అన్నం ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడవుతుందని మా అత్తయ్య ఒప్పుకోరు. మరి ఏం చేయాలండీ?

హాస్టల్ వంటాయన: కాగుతున్న గిన్నెను అలాగే పెడితే పక్కనున్న పాలు, పెరుగు వేడెక్కుతాయి. అక్కడివరకు అత్తయ్యగారి మాట సబబే. అందుకే తిన్న వెంటనే మిగిలిన అన్నం వెడల్పాటి పళ్లెంలో రెండు వేళ్ల మందాన పరిచి ఫ్యాన్ కింద పెట్టండి. ఇరవై నిమిషాలకి చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. అప్పుడు చిన్న డబ్బాల్లో సర్ది లోపల పెట్టేయండి. వండిన గంటలో ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి, మర్నాటికల్లా అయిపోవాలి. సాంబారు, పప్పు, కోడికూర పెద్ద గిన్నెలో ఉంటే ఆ గిన్నెను చన్నీళ్ల బేసిన్‌లో దించి గరిటెతో తిప్పుతూ ఉండండి. రెండు గంటల్లోపు లోపలికి. ఇవి రెండు రోజులు ఉంటాయి.

వేడి చేసేటప్పుడు తినేంత మాత్రమే తీయండి. డబ్బా మొత్తం వేడిచేసి, మిగిలింది మళ్లీ లోపల పెట్టడం నేను మా కుర్రాళ్ల దగ్గర మాన్పించలేకపోతున్న అలవాటు. అన్నం మీద రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూత పెట్టి, మధ్యలోంచి ఆవిరి తన్నేదాకా ఉంచండి. మైక్రోవేవ్ అయితే సగంలో ఆపి కలపాలి, లేదంటే అంచులు కాలతాయి, నడుమ చల్లగానే ఉంటుంది. కూర కుతకుత ఉడకాలి, వెచ్చబడితే చాలదు.

మియాపూర్ బ్యాచిలర్: అన్నా, నాదీ ఒకటి. నిన్న ఆరు గంటలు కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో చికెన్ ఉంది. వాసన బాగానే ఉంది, తినొచ్చా?

హాస్టల్ వంటాయన: తలుపు తీయకపోతే నాలుగు గంటలదాకా చల్లదనం నిలుస్తుంది. ఆరు గంటలంటే పారేయి బాబూ. వాసన చూసి నిర్ణయించకు, పైన ఆవిడ కూడా వాసన చూసే వండారు.

విజయవాడ కోడలు: రాత్రి పళ్లెంలో ఆరబెట్టాను, పద్దెనిమిది నిమిషాలకే చల్లారింది. "అన్నాన్ని వడియాల్లా ఎండబెడుతోంది" అని అత్తయ్య పక్కింటావిడతో చెప్పారు. పొద్దున్న మాత్రం ఆ అన్నమే పెట్టించుకున్నారు.