582 రూపాయలకి దగ్గరి రేటు 499 ఆ, 699 ఆ?

కుర్తీల_కొట్టు: మాది బట్టల కొట్టు. ట్యాగులు ఆరే రేట్లకి కొట్టించాం: 199, 299, 399, 499, 699, 999. కొన్న ధరకి 12 శాతం కలిపితే వచ్చే అంకెకి వీటిలో ఏది దగ్గరో ఎక్సెల్ చూపించాలి. ఒక కుర్తీ 520కి పడింది, లెక్క 582.40 వచ్చింది. రేట్లు A2:A7లో, లెక్క D2లో ఉన్నాయి. ఏ ఫార్ములా పెట్టాలి?

పద్దుల_శాస్త్రి: ఇంత చిన్నదానికి థ్రెడ్డా? VLOOKUP చివర TRUE పెట్టండి, దగ్గరిది వచ్చేస్తుంది.

సెల్_రెఫరెన్స్: రాదండీ. TRUE పెడితే ఇచ్చేది దగ్గరిది కాదు, మించకుండా ఉన్నవాటిలో పెద్దది. పైగా లిస్టు చిన్న నుంచి పెద్దకి సర్ది ఉండాలి. దగ్గరిది కావాలంటే తేడాలు తీసి వాటిలో చిన్నదాన్ని పట్టుకోవాలి:

```
=XLOOKUP(0, ABS(A2:A7-D2), A2:A7, , 1)
```

ఒక్కో రేటుకీ D2కీ ఉన్న తేడాల్లో సున్నా కోసం వెతుకుతుంది. లేకపోతే, చివరి 1 వల్ల, సున్నాకి పైనున్న తర్వాతి అంకె, అంటే అన్నిటికన్నా చిన్న తేడా, తీసుకుంటుంది. మీ కుర్తీకి 499తో తేడా 83.40, 699తో 116.60. కాబట్టి 499.

పద్దుల_శాస్త్రి: నాదీ 499 ఏ ఇచ్చింది. ఇంత సర్కస్ దేనికో!

సెల్_రెఫరెన్స్: D2లో 660 వేసి చూడండి. మీది అప్పుడూ 499 ఏ అంటుంది. 699 ముప్పై తొమ్మిది రూపాయల దూరంలో ఉంది.

పద్దుల_శాస్త్రి: పదేళ్లు ఒక హోల్‌సేల్ ఆఫీసులో డిస్కౌంట్ శ్లాబులన్నీ దీంతోనే వేశాను. ఒక్కసారి తప్పు రాలేదు. చివరికి ఎవరో కుర్రాడు వచ్చి షీటంతా మార్చేస్తే నెలాఖరు లెక్కలు తేలక మాటలు పడింది నేను.

సెల్_రెఫరెన్స్: శ్లాబులకి అదే సరైంది. 660కి కొన్నవాడికి 500 శ్లాబే కదా. ఇక్కడ అడిగింది శ్లాబు కాదు.

సరిగ్గా_మధ్యలో: 599 వస్తే? అటు వంద, ఇటు వంద. ఏది దగ్గర?

సెల్_రెఫరెన్స్: లిస్టులో ముందున్నది, 499. చివర ఇంకో కామా పెట్టి -1 ఇస్తే కింది నుంచి వెతుకుతుంది, అప్పుడు 699.

సరిగ్గా_మధ్యలో: అంటే ఎవరో లిస్టు తిరగేసి సర్దితే నా రేటు మారిపోతుందన్నమాట! దాన్ని సమాధానమని ఎలా అంటారు?

పాత_ఆఫీసు: మా 2016 ఎక్సెల్‌లో XLOOKUP లేదు. INDEX, MATCH తిప్పలే. ఎంటర్ బదులు Ctrl+Shift+Enter నొక్కాలి, మర్చిపోతే #VALUE! రావచ్చు.

సరిగ్గా_మధ్యలో: నా 599కి ఇంకా జవాబు రాలేదు.

కుర్తీల_కొట్టు: అందరికీ థ్యాంక్స్ గానీ, ఇప్పుడే గమనించాను. 520కి కొన్నదాన్ని 499కి అమ్మమంటోంది ఫార్ములా! ముక్కకి 21 రూపాయలు నా జేబులోంచి పోవాలా?

సెల్_రెఫరెన్స్: మీరు దగ్గరిది అడిగారు, దగ్గరిదే ఇచ్చింది. కొన్న ధర మీద కన్నేసి ఉంచమని దానికి ఎవరు చెప్పారు?

కుర్తీల_కొట్టు: వ్యాపారం చేసేవాడు నష్టానికి అమ్మడని వేరే చెప్పాలా సార్?

సెల్_రెఫరెన్స్: చెప్పాలి! గంట నుంచి తేడాల గురించి కొట్టుకుంటున్నాం, కొన్న ధర ఏ సెల్లో ఉందో కూడా మీరు చెప్పలేదు.

గల్లాపెట్టె_అక్క: అరవకండి బాబూ. ఇరవై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నా. మేం చూసేది దగ్గరిది కాదు, అసలు కంటే దిగనిదాంట్లో దగ్గరిది. అలా చూస్తే ఈయనకి 699. కానీ 582 అనుకున్నది 699 అంటే పక్క కొట్టుకి పోతారు. లిస్టులో 499 తర్వాత ఒక్కసారిగా 699కి ఎగిరిందెవరు? 599 ట్యాగు ఉంటే ఈ గొడవే లేదు.

సరిగ్గా_మధ్యలో: నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది 599 గురించే.

గల్లాపెట్టె_అక్క: నువ్వన్నది వేరు నాయనా.

సెల్_రెఫరెన్స్: సరే, కొన్న ధర B2లో ఉందనుకుంటే:

```
=XLOOKUP(0, IF(A2:A7>=B2, ABS(A2:A7-D2), 10^9), A2:A7, , 1)
```

కొన్న ధర కంటే తక్కువున్న రేట్లకి తేడా వంద కోట్లని రాసేశాం, కాబట్టి పోటీలోకి రావు. మీ కుర్తీకి 699 వస్తుంది.

పద్దుల_శాస్త్రి: B2లో 1100 వేశాను. 199 అంటోంది మీ ఫార్ములా!

సెల్_రెఫరెన్స్: ...అవును. ఏ రేటూ సరిపోకపోతే అన్నీ వంద కోట్లే, మొదటిది ఎత్తుకుంది. ముందు IF(B2>MAX(A2:A7), "రేటు లేదు", ...) తగిలించాలి. ఇది మీరు పట్టుకున్నారు, ఒప్పుకుంటున్నా.

కుర్తీల_కొట్టు: తగిలించాను, పనిచేస్తోంది. 599 ట్యాగుల సంగతి మా అన్నయ్యని అడగాలి. పాతవి రెండు పెట్టెలు అలాగే ఉన్నాయి.