బీజీఎంఐ గేమ్ ఐడీ కొనేటప్పుడు పాస్‌వర్డ్ మార్చుకుంటే సరిపోతుందా?

నరేష్: మా తమ్ముడు టెలిగ్రామ్‌లో పరిచయమైన ఒక వ్యక్తి దగ్గర బీజీఎంఐ ఐడీని 6,500 రూపాయలకు బేరం కుదుర్చుకొని, 2,000 అడ్వాన్సు యూపీఐ ద్వారా పంపాడు. మిగతా సొమ్ము ముట్టగానే ఐడీకి లింకై ఉన్న జీమెయిల్, దాని పాస్‌వర్డ్ ఇస్తానని అతను అంటున్నాడు. వీడియో కాల్‌లో గన్ స్కిన్లన్నీ తెరిచి చూపించాడట. నమ్మవచ్చా?

ప్రవీణ్: చూపించాడంటే ఐడీ అతని దగ్గర ఉన్నట్టే. జీమెయిల్ చేతికి రాగానే పాస్‌వర్డ్, రికవరీ నంబరు, రికవరీ మెయిల్ మార్చి, పాత ఫోన్లన్నింటిలో లాగౌట్ చేయించండి. ఆ తర్వాత అతను చేయగలిగింది ఏమీ ఉండదు.

సుభాషిణి: ప్రవీణ్ గారు చెప్పిన చివరి మాట సరికాదు. అకౌంటు హ్యాక్ అయినవారు నష్టపోకూడదని, రికవరీ నంబరు మార్చిన తర్వాత కూడా ఒక వారం పాటు పాత నంబరుకు కోడ్ తెప్పించుకొనే అవకాశాన్ని గూగుల్ ఇస్తుంది. అమ్మినవాడు ఆ వారంలోనే, తాను ఎప్పుడూ వాడే ఫోన్ నుంచి, ఎప్పుడూ ఉండే చోటు నుంచి, పాత పాస్‌వర్డ్ గుర్తుందని చెప్పి రికవరీకి పెడితే, గూగుల్ దృష్టిలో అసలు యజమాని అతనే అవుతాడు. ఇలా వెనక్కి లాక్కున్న ఐడీనే మరొకరికి అమ్ముతారు. ఐడీల అమ్మకం గేమ్ నిబంధనలకే విరుద్ధం కనుక, కంపెనీకి ఫిర్యాదు చేసినా కొన్నవారి పక్షాన నిలబడదు. మిగిలిన 4,500 దయచేసి పంపనివ్వకండి.

వెంకట్: అమ్మేవారికీ ప్రమాదమేనండీ. నేను నిరుడు నా ఐడీ అమ్మితే డబ్బు సక్రమంగానే వచ్చింది. కొద్ది వారాలకు నా బ్యాంకు ఖాతాలో అంత మొత్తాన్నీ నిలిపివేశారు. కొన్నవాడు పంపింది వేరొకరిని మోసగించి తెచ్చిన సొమ్మని, ఆ బాధితుడు ఫిర్యాదు చేశాడని బ్యాంకులో చెప్పారు. అది ఇంకా విడుదల కాలేదు. ఎవరిని కలవాలో తెలిసినవారు చెప్పగలరా?

నరేష్: కృతజ్ఞతలు. తమ్ముణ్ణి ఆపాను. ఆ 2,000 తిరిగి వస్తాయా?

సుభాషిణి: వస్తాయని హామీ ఇవ్వలేను. మొదట అడ్వాన్సు తిరిగి ఇమ్మని అడగమనండి, అయితే అడగడానికి ముందే ఆ సంభాషణ మొత్తాన్ని స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోమనండి. టెలిగ్రామ్‌లో అవతలివాడు తన వైపు నుంచి చెరిపితే మీ ఫోన్‌లో కూడా పోయేలా చేయగలడు. అతను బ్లాక్ చేసినా, సాకులు చెప్పినా ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో నమోదు చేయండి. యూపీఐ లావాదేవీ వివరాల్లో కనిపించే 12 అంకెల నంబరు దగ్గర పెట్టుకోండి. సొమ్ము ఆ ఖాతాలోనే ఉన్నంతవరకు నిలిపివేయించే అవకాశం ఉంటుంది, చేతులు మారితే కష్టమవుతుంది. వెంకట్ గారూ, ఫిర్యాదు ఏ పోలీసు స్టేషన్‌లో, ఏ నంబరుతో నమోదైందో బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. ఆ వివరాలు లేకుండా ఎవరిని కలిసినా పని జరగదు.