యాప్ అప్పు: తప్పు తీసుకున్నవాళ్లదేనా?

శ్రీను, ఖమ్మం: మా తమ్ముడు లోన్ యాప్‌లో 5,000 తీసుకున్నాడు. నెల తిరక్కుండానే 25,000 బాకీ అంటున్నాడు. ఎంత వడ్డీ అయినా అంత అవుతుందా? ఏదో దుబారా చేసే ఉంటాడు. తప్పు తీసుకున్నవాడిదే కదా?

రమణమూర్తి: శ్రీను గారూ, దుబారా లేకుండానే అంత అవుతుంది. బ్యాంకులో అప్పుల విభాగంలో చాలా ఏళ్లు చేశాను, లెక్క చూడండి. 5,000 అంటారు గానీ ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ పేరుతో 1,500 ముందే పట్టుకుని 3,500 వేస్తారు. ఏడో రోజుకి 5,000 కట్టాలి. మన లెక్కలో నూటికి నెలకు 180 రూపాయలు దాటిన వడ్డీ. ఐదు రూపాయల వడ్డీకే మనం భయపడతాం.

ఏడో రోజు డబ్బు సర్దుబాటు కాదు. ఇవే షరతులతో ఇంకో రెండు యాప్‌లు 3,500 చొప్పున ఇస్తాయి. పాత బాకీ తీరి 2,000 మిగులుతుంది, కానీ వచ్చే వారం 10,000 కట్టాలి. అందుకు మూడు యాప్‌లు, బాకీ 15,000. అది తీర్చడానికి ఐదు యాప్‌లు, నాలుగో వారం చివరికి 25,000. ఇన్ని తీసుకున్నా అతను వాడుకోగలిగింది మొత్తం 8,500.

వాసు, వరంగల్: కాంటాక్ట్స్ పర్మిషన్ ఇవ్వకపోతే మనవాళ్లకి ఫోన్లు చేసి పరువు తీస్తారన్న టెన్షన్ ఉండదు. ఇచ్చినా యాప్ తీసేస్తే సరిపోతుంది.

లక్ష్మి: వాసు తమ్ముడూ, నేను ఇవ్వనంటే యాప్ ముందుకే కదల్లేదు. మర్నాడు బాబు స్కూల్ ఫీజుకి ఆఖరి రోజు, ఇచ్చేశాను. గడువుకి ఒకరోజు ముందే మా మేనేజర్‌కి ఫోన్ చేసి నన్ను దొంగ అన్నారు. యాప్ తీసేశాక కూడా మా అత్తగారికి ఫోన్లు ఆగలేదు.

రమణమూర్తి: పర్మిషన్ ఇవ్వగానే నంబర్లన్నీ వాళ్ల సర్వర్‌కి వెళ్లిపోతాయమ్మా. యాప్ తీసేస్తే పోయేది మన ఫోన్‌లోంచే. అప్పిచ్చే యాప్ కాంటాక్ట్స్, కాల్ లాగ్ చూడకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులోనే చెప్పింది. 2023లో గూగుల్ కూడా ప్లే స్టోర్‌లోని లోన్ యాప్‌లకు కాంటాక్ట్స్, ఫొటోలు నిషేధించింది. అందుకే ఇప్పుడు కొందరు ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ని నేరుగా ఎక్కించే ఏపీకే ఫైల్ లింకు వాట్సాప్‌లో పంపి ఎక్కించమంటారు. కాంటాక్ట్స్ అడిగిందంటేనే అది నిబంధనలు పాటించని యాప్. ఇంకో గుర్తు: వాయిదా నేరుగా అప్పిచ్చిన సంస్థ ఖాతాలోకే వెళ్లాలి. ఏజెంటు ఎవరిదో క్యూఆర్ కోడ్ పంపితే కట్టొద్దు.

వాసు: అలాంటప్పుడు అసలు కూడా ఎగ్గొట్టొచ్చుగా?

రమణమూర్తి: నేనలా అనను. చేతికొచ్చిన 3,500 అప్పే.

లక్ష్మి: నా పరువు తీసినవాళ్లకి అసలైనా ఎందుకివ్వాలండీ? నేను ఒప్పుకోను.

రమణమూర్తి: మీ కోపం న్యాయమే. దీని మీద మనిద్దరికీ కుదరదేమో. శ్రీను గారూ, ముందు కొత్త యాప్ ఎక్కించడం ఆపించండి. బెదిరింపు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తీసి 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.inలో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. బంధువులకు మీరే ముందు చెప్పేయండి, అప్పుడు యాప్ వాళ్ల బెదిరింపుకి బలం తగ్గుతుంది.

శ్రీను: వాడి ఫోన్ ఇప్పుడే చూశాను. ఏడు యాప్‌లున్నాయి. మొదటిది తీసుకున్నది అమ్మ మందులకట, నాకు చెప్పలేదు. అమ్మకి, మామయ్యకి నేనే ఫోన్ చేస్తున్నాను.