చునోలో మగవాళ్ళు ఒకరినొకరు ఉన్నీ అనుకోవడం పొరపాటా?

తాడేపల్లి ప్రేక్షకురాలు: అమ్మాయిలు తమకంటే పెద్దవాడిని ఒప్పా అనీ, పెద్దదాన్ని ఉన్నీ అనీ, అబ్బాయిలు పెద్దవాడిని హ్యుంగ్ అనీ పిలుస్తారని కొరియన్ డ్రామాల్లో చూసి నేర్చుకున్నాను. కానీ 2010 నాటి ‘చునో’ డ్రామాలో బానిసలను వేటాడే మగవాళ్ళు సాటి మగవాడినే ఉన్నీ అంటున్నారు. ఇది రచయిత పొరపాటా, లేక నియమమే అంత గట్టిది కాదా?

కడప కుర్రవాడు: పొరపాటే అయి ఉంటుంది. ఈ మాటలు పిలిచేవారు ఆడా మగా అన్నదాన్ని బట్టి, వయసును బట్టి నిర్ణయమవుతాయి. ఎదుటివాడు ఒక్కరోజు ముందు పుట్టినా హ్యుంగే.

సువోన్ వాసి: ఆడా మగా, వయసు అన్న నియమం నేటి వాడుకకు సరిపోతుంది కానీ, చునో పొరపాటు కాదు. ఒకప్పుడు ఉన్నీ అంటే తనలాగే ఆడో మగో అయిన పెద్ద తోబుట్టువు అని అర్థం, కాబట్టి తమ్ముడు అన్నను అలా పిలవడంలో వింత లేదు. 1946 నాటి బడి వీడ్కోలు పాటలో కూడా చిన్న తరగతుల పిల్లలు, వారిలో మగపిల్లలు సైతం, పట్టా అందుకుని వెళ్ళే పెద్దవాళ్ళను ఉన్నీ అనే సంబోధిస్తారు. ఆ మాట పూర్తిగా ఆడవారిదైపోయింది ఆ తరువాతే.

ఒక్కరోజు లెక్క మాత్రం నిలవదు. ఒకే సంవత్సరంలో పుట్టినవారు మామూలుగా చింగూలు, అంటే ఈడువాళ్ళు. అసలు చిక్కు పాత బడి లెక్కతో వచ్చేది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పుట్టిన పిల్లలు ముందు సంవత్సరం పుట్టినవారితో కలిసి బడిలో చేరేవారు. 1995 ఫిబ్రవరిలో పుట్టిన ఒకడు 1994 వాళ్ళతో చదివి వారికి చింగూ అయ్యాడనుకుందాం. 1995 మే నెలలో పుట్టిన మరొకడు వాడితో పుట్టిన సంవత్సరం చూసి చింగూగా మాట్లాడతాడు, కానీ వాడి తరగతివాళ్ళను హ్యుంగ్ అనాలి. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఎవరు ఎవరికి ఏమవుతారో తేలదు. దీన్ని అక్కడివాళ్ళు వంశవృక్షం చిక్కుపడిందని వేళాకోళం చేస్తారు. 2009లో బడిలో చేరినవారి నుంచి ఈ పద్ధతి పోయింది.

పెనుకొండ ఉద్యోగి: నా అనుభవం వేరు. మా ప్రాంతపు కర్మాగారంలో కొరియన్ ఇంజనీరు ఒకాయన నాకంటే పదేళ్ళు పెద్ద. అన్నా అన్నంత సహజంగా హ్యుంగ్ అన్నాను. ఆయన మారు మాట్లాడలేదు, ఆ పూటంతా ముఖం ముడుచుకునే ఉన్నారు. మగవాడిని, చిన్నవాడిని, ఇక నా తప్పేమిటో ఇప్పటికీ అర్థం కాలేదు.

సువోన్ వాసి: మనం ఆటో నడిపే ముక్కుమొహం తెలియని మనిషిని కూడా అన్నా అనగలం, ఆ పిలుపుతోనే చనువు మొదలవుతుంది. హ్యుంగ్ అలా కాదు, చనువు ఏర్పడిన తరువాత వచ్చే మాట. తరచు పెద్దవాడే ఇక హ్యుంగ్ అని పిలువు అంటాడు. అంతవరకూ, ముఖ్యంగా పనిచేసే చోట, హోదా పేరుకు మన గారు లాంటి నిమ్ చేర్చి పిలవాలి. మీరు మాట తప్పలేదు, సమయం తప్పారు.

తాడేపల్లి ప్రేక్షకురాలు: అంటే ఆడవాళ్ళు హ్యుంగ్ అనడమన్నది మాత్రం ఎప్పుడూ లేదా?

సువోన్ వాసి: ఉంది. 1980ల నాటి విశ్వవిద్యాలయాల్లో అమ్మాయిలు మగ సీనియర్లను హ్యుంగ్ అనేవారు. ఒప్పా అంటే గారాబం పోతున్నట్టు ధ్వనించేదన్నది వారు చెప్పే కారణం. ఇక పెళ్ళైన స్త్రీ భర్త అక్కను, భర్త అన్న భార్యను నేటికీ హ్యుంగ్‌నిమ్ అంటుంది. అక్కడ ఆమె సొంత వయసు కంటే భర్త వరుస ముందు నిలుస్తుంది కనుక, తోడికోడలు తనకంటే చిన్నదైనా హ్యుంగ్‌నిమే అవుతుంది.

కడప కుర్రవాడు: సరే, ఆడా మగా విషయంలో నేను తగ్గుతాను. భర్తను ఒప్పా అనడం మాత్రం నాకు మింగుడు పడదు. తెలుగు ఉపశీర్షికల్లో దాన్ని అన్నయ్య అని రాసినప్పుడు ఆ సన్నివేశమే పాడైపోతుంది.

సువోన్ వాసి: అక్కడ మన బావ కొంత దగ్గర, అదీ పూర్తిగా కాదు, ఎందుకంటే ఒప్పా సొంత అన్నకూ వర్తిస్తుంది. భర్తను అలా పిలవడాన్ని కొరియా జాతీయ భాషాసంస్థ మర్యాద సూచనలు సమర్థించవు, అయినా ఇళ్ళలో విరివిగా వినిపిస్తుంది. పిల్లలు పుట్టాక చాలామంది ఫలానావాడి నాన్న అనే పిలుపుకు మారతారు.

తాడేపల్లి ప్రేక్షకురాలు: నా వయసు నలభై ఒకటి. పాతికేళ్ళ గాయకుడిని అభిమానులందరితో కలిసి ఒప్పా అంటున్నాను. మానేయమంటారా?

కడప కుర్రవాడు: మానేయాలి.

సువోన్ వాసి: కొరియాలోనూ పెద్ద వయసు అభిమానులు కొందరు సరదాగా అలాగే అంటారు, మరికొందరికి అది ఎబ్బెట్టుగా తోస్తుంది. అతని ఎదుట నిలబడి పిలిచేటప్పుడైతే పేరుకు నిమ్ చేర్చండి.