వారాంతపు పాఠాలకు కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి ఎలా తెచ్చుకోవాలి?

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. శని, ఆదివారాల్లో రెండేసి గంటలు ఆన్‌లైన్‌లో పైథాన్ పాఠాలు చెప్పే అవకాశం వచ్చింది. అది జీతం కాదు, ప్రొఫెషనల్ ఫీజు. 10 శాతం టీడీఎస్ పట్టుకుని ఇస్తారు, పీఎఫ్ ఉండదు. ఇంకా ఒప్పుకోలేదు.

నా అపాయింట్‌మెంట్ లెటర్‌లో "ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా జీతానికైనా, ఫీజుకైనా మరో పని చేయరాదు" అని ఉంది. కాబట్టి పీఎఫ్ లేదు కదా అని ఊరుకోలేను. హ్యాండ్‌బుక్ మొత్తం చదివాను, అనుమతి ఎవరిస్తారో అందులో లేదు. మూడు వారాల్లో హెచ్‌ఆర్‌కు రెండు మెయిల్స్ పెడితే "పాలసీ చూసుకోండి" అన్నారు. మేనేజర్ నోటిమాటగా సరేనన్నారు. రేపు ఆయన మారితే నా చేతిలో ఏముంటుందని టెన్షన్.

ఇలాంటి షరతు ఉన్నా అనుమతి తెచ్చుకున్నవాళ్లు, మెయిల్ ఎవరికి, ఏమని రాశారు?