"తాళం పోగొట్టినందున" అని రాస్తే ఎందుకు మొరటుగా ఉంది?

విజయవాడ నుంచి, అడిగినవారు:
మా ఫ్లాట్‌లో ఒక అమ్మాయి, వాళ్ళ తమ్ముడు అద్దెకుంటున్నారు. పోయిన వారం ఆ అబ్బాయి బస్సులో తాళంచెవుల గుత్తి జారవిడుచుకున్నాడు. గుత్తికున్న బిళ్ళ మీద ఫ్లాట్ నంబరు, అపార్ట్‌మెంట్ పేరు రాసి ఉన్నాయి. ఎవరి చేతికైనా చిక్కితే కష్టమని తలుపు తాళంలో సిలిండర్ మార్పించాను. సిలిండర్ 850, వడ్రంగి కూలి 300, మొత్తం 1,150 రూపాయలు. ఆ అమ్మాయికి పంపాలని ఇలా రాశాను:

"మీరు తాళం పోగొట్టినందున కొత్త తాళం ఖర్చు రూ. 1,150 వెంటనే చెల్లించగలరు."

మా ఆయన చదివి, కరెంటు బిల్లు నోటీసులా ఉందన్నారు. నేను మీరు అనే రాశాను, గలరు అనే రాశాను. మరి ఎక్కడ చెడింది?

హైదరాబాద్ నుంచి:
తప్పు "గలరు"లో ఉందండీ. అది సామర్థ్యం చెప్పే మాట. "చెల్లించగలరు" అంటే ఆమెకు అంత స్తోమత ఉందని అర్థం. దాన్ని తీసేసి మొదట్లో "దయచేసి" పెట్టండి. అయినా 2021 నాటి నమూనా అద్దె చట్టంలో తలుపుల తాళాలు మార్చుకోవడం అద్దెకున్నవాళ్ళ పనేనని రాసి ఉంది. ఇంత మొహమాటం దేనికి?

తెనాలి నుంచి, తెలుగు మాస్టారు:
"గలరు"కి సామర్థ్యం అనే అర్థం ఉన్న మాట నిజమే. కానీ ఉత్తరాల్లో, ఆహ్వానాల్లో అది ఎప్పటినుంచో మనవి కూడా. "తప్పక రాగలరు" అని శుభలేఖలో చూసి మన నడక శక్తి గురించి రాశారని ఎవరం అనుకోం. ఇక్కడ చెడగొట్టింది దాని పక్కనున్న "వెంటనే". మనవి పక్కన గడువు చేరితే అది తాకీదు అయిపోతుంది.

అంతకంటే పెద్ద చిక్కు "పోగొట్టినందున" దగ్గరుంది. పోగొట్టారు, పోగొట్టుకున్నారు, పోయింది, ఈ మూడూ ఒకటి కాదు. "పోగొట్టారు" అంటే నా వస్తువును మీరు పాడుచేశారని వేలెత్తి చూపినట్టు. "పోగొట్టుకున్నారు"లో ఆ "కొను" చేరగానే నష్టం వాళ్ళదవుతుంది, కాస్త సానుభూతి వస్తుంది. "పోయింది" అంటే ఎవరి మీదా నింద లేదు. ఆ అబ్బాయికి తప్పు తనదని తెలుసు, అక్కతో చెప్పాడు, మీతోనూ చెప్పాడు. మళ్ళీ రాసి చూపించడం ఎందుకు? "తాళంచెవి పోయింది కదా" అంటే చాలు. ఆ "కదా" మీ ఇద్దరికీ తెలిసిన సంగతిని గుర్తుచేస్తుంది, అంతే.

అనంతపురం నుంచి:
మాస్టారూ, మీరు తాళంచెవి అన్నారు, ఆవిడ తాళం అన్నారు. మా ఇంట్లో తాళాన్ని బీగం అంటాం. బీగాలు తెచ్చుకున్నావా అంటే మాత్రం చెవుల గురించే. ఇంతకీ తాళం పోయింది అంటే ఏది పోయినట్టు?

తెనాలి మాస్టారు:
మంచి మాట పట్టుకున్నారమ్మా. బ్రౌన్ నిఘంటువులో కూడా బీగమంటే తాళమే. మా వైపూ మాటల్లో "తాళాలు ఎక్కడ పెట్టావు" అంటే చెవులనే. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఇబ్బంది లేదు, ఎదురుగా గుత్తి కనిపిస్తూ ఉంటుంది. డబ్బు అడిగే చోట మాత్రం తేడా తెలియాలి. పోయింది చెవి, మార్చింది తాళంలోని ఒక భాగం. "తాళం పోగొట్టారు, కొత్త తాళానికి డబ్బివ్వండి" అంటే, మేం తాళం ముట్టుకోలేదే అని ఆ అమ్మాయి అనుకోవడంలో తప్పులేదు.

బెంగళూరులో అద్దెకున్న సభ్యుడు:
నాకు సరిగ్గా ఇదే జరిగింది. చెవి ఒక్కటి పోతే ఓనరు తాళం మొత్తం పీకించి కొత్తది పెట్టించి, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో 3,200 పట్టుకున్నారు. ముందు ఒక్క మాట లేదు, బిల్లు లేదు. "డ్యామేజీ" అని ఒకే ముక్క రాశారు. నేనేదో బద్దలుకొట్టినట్టు! డబ్బు కంటే ఆ మాటే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అలాంటి తాళానికి లోపలి సిలిండర్ ఒక్కటి మారిస్తే పాత చెవి పనిచేయదు, హ్యాండిల్ అదే ఉంటుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. మేడమ్, మీరు ఏది మార్చారో, ఎందుకు మార్చారో రాసి, బిల్లు ఫొటో పంపండి.

అడిగినవారు:
బిల్లు పంపడానికే ఆలోచిస్తున్నాను. దానిలో 1,750 ఉంది. వడ్రంగి వచ్చాడు కదా అని, ఎప్పటినుంచో వదులుగా ఉన్న హ్యాండిల్ కూడా 600 పెట్టి మార్పించాను. అది వాళ్ళు రాకముందు నుంచీ అలాగే ఉంది, అందుకే లెక్కలో కలపలేదు. బిల్లు చూస్తే కంగారు పడతారేమో.

కరీంనగర్ నుంచి:
కంగారేం లేదు, అదే రాసెయ్యండి. "హ్యాండిల్ 600 నేను పెట్టుకున్నాను" అనండి. "చెల్లించు", "భరించు" వద్దు. చెల్లించేది ఫీజు, భరించేది బాధ. మేం ఇంట్లో ఖర్చు "పెట్టుకునుడు" అంటాం. నాది నేను పెట్టుకున్నా, ఇది మీరు పెట్టుకోండి అంటే ఇద్దరూ సమానంగా కనిపిస్తారు. నేను కూడా ఒక పోర్షన్ కిరాయికిస్తాను, ఈ మాటకు ఎవరూ మొహం మాడ్చుకోలేదు.

ఇంకొకటి, ఆ చట్టం సంగతి. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అక్కడ చెల్లుతుంది. అంతకంటే మీ అగ్రిమెంట్‌లో తాళాల గురించి ఏం రాసుకున్నారో చూడండి. మెసేజ్‌లో మాత్రం చట్టం పేరు ఎత్తకండి, గొడవ మొదలైనట్టే.

అనంతపురం నుంచి:
"దయచేసి" కూడా నాకు నచ్చదు. బస్సులో, ఆఫీసు గోడల మీద చూసే మాట అది. మనం ఇంటికొచ్చినవాళ్ళని దయచేయండి అంటాం గానీ, డబ్బు అడిగేటప్పుడు "ఏమీ అనుకోకండి" అంటాం.

తెనాలి మాస్టారు:
అక్కడ నాకు సందేహం. "ఏమీ అనుకోకండి" అంటే అడగకూడనిది అడుగుతున్నట్టు ఉండదూ? ఇది న్యాయంగా రావలసిన డబ్బే.

అనంతపురం నుంచి:
న్యాయమైనదాన్ని అడగడానికి కూడా మొహమాటపడతామండీ మేం. ఆ మాట లేకపోతే గొంతు గట్టిగా వినిపిస్తుంది.

అడిగినవారు:
అందరి మాటా విని మళ్ళీ రాశాను. అగ్రిమెంట్ అక్క పేరు మీదుంది, తమ్ముడికి కాకుండా ఆమెకే పంపుతాను. ఎలా ఉందో చెప్పండి:

"అమ్మా, బాగున్నారా? తాళంచెవి పోయింది కదా, బిళ్ళ మీద ఫ్లాట్ నంబరు ఉందన్నారని భయమేసి తలుపు తాళంలో సిలిండర్ మార్పించాను. ఇక పాత చెవితో తలుపు తెరుచుకోదు. సిలిండర్ 850, కూలి 300, రెండూ కలిపి 1,150 అయింది. బిల్లు ఫొటో పంపుతున్నాను. అందులో హ్యాండిల్ 600 కూడా ఉంది, అది ముందునుంచీ వదులుగా ఉంది కాబట్టి నేను పెట్టుకున్నాను. ఏమీ అనుకోకుండా 1,150 వచ్చే నెల అద్దెతో కలిపి పంపిస్తారా?"

బెంగళూరు సభ్యుడు:
నాకు ఇలా రాసి ఉంటే అదే రోజు పంపేవాణ్ణి.

కరీంనగర్ నుంచి:
అంతా బాగుంది. కానీ "పంపిస్తారా?" అని ప్రశ్న వేస్తే, వీలుపడదండీ అనడానికి దారి ఇచ్చినట్టే. "పంపించండి" అనండి. ఆ "అండి"లో మర్యాద ఉండనే ఉంది.

తెనాలి మాస్టారు:
నేనైతే ప్రశ్నే ఉంచుతాను. ఇబ్బంది ఉంటే రెండు నెలల్లో ఇస్తామని చెప్పుకోవడానికి ఆ అమ్మాయికి చోటుండాలి.

అడిగినవారు:
మా ఆయన కూడా "పంపించండి" అనే అంటున్నారు. నేను "పంపిస్తారా" అనే పంపేశాను. ఇంకా చూసినట్టు లేదు.